రామతీర్థం నడకకు పాట కట్టడం ఎలా?

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థానికి సుమారు 12 కిలోమీటర్లు. జట్టుగా నడిచేవాళ్లు రామనామం అనుకుంటూ బయలుదేరతారు. కాసేపటికి ముందువాళ్లది ఒక లయ, వెనకవాళ్లది ఇంకో లయ అయిపోతుంది. గొంతులు బాగాలేక కాదు, మాట అడుగు మీద పడక. దాన్ని పాట కట్టేటప్పుడే చూసుకోవాలి.

ముందు అడుగు తెలుసుకోండి. పాట లేకుండా జట్టును మామూలుగా నడవనిచ్చి, నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 100కి అటూ ఇటూగా ఉంటుంది. పెద్దవాళ్లుంటే వాళ్ల నడకే లెక్క. కుర్రాళ్ల నడకకు పాట కడితే ముసలమ్మలు వెనకబడిపోతారు.

ఇక మాటల కొలత. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు. సున్నా ఉన్న అక్షరమూ, ఒత్తుకు ముందున్న అక్షరమూ రెండే. ఒక అడుగుకు రెండు మాత్రలు పెట్టుకోండి. అప్పుడు నాలుగు మాత్రల ముక్క ఎడమ, కుడి అడుగులకు సరిపోతుంది, ప్రతి ముక్కా ఎడమకాలితోనే మొదలవుతుంది. అలాంటి ముక్కలు నాలుగైతే ఒక వరుస, అంటే 8 అడుగులు. చెప్పేవారు ఒక వరుస అంటే జట్టు ఇంకో వరుసతో అందుకుంటుంది. ఒక్కొక్కరికి సుమారు 5 సెకన్ల పాట, 5 సెకన్ల ఊపిరి.

అందరూ అనే వరుస ముందు కట్టాలి. అది మారదు కాబట్టి ఒక్కసారి వినగానే నోటికి రావాలి.

రామయ | తండ్రీ | వస్తన్ | నామూ

ఇక్కడ ‘రామయ్య’ అని రాస్తే మొదటి ముక్కలో ఐదు మాత్రలవుతాయి, ‘తండ్రీ’ కాలు పడ్డాక వస్తుంది. అందుకే ‘రామయ’. చివర ‘మూ’ దీర్ఘం కావాలనే పెట్టాను. నోరు మూసుకునే ‘మ్’తో ఆపితే పదిమంది పదిచోట్ల ఆపేస్తారు.

ఇప్పుడు చెప్పేవారి వరుసలు. ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. దారిలోని ఊళ్ల పేర్లు పాటలో ఉంటే నడిచేవాళ్లకు హుషారు, కానీ పేర్లకు వాటి నడక వాటికి ఉంటుంది. ‘నెల్లిమర్ల’ మూడు, మూడు మాత్రలు. ‘రామతీర్థం’ మూడు, నాలుగు. ఉన్నదున్నట్టు పెడితే ‘తీ’ అన్న దీర్ఘం సగం ఒక అడుగు మీద, సగం ఇంకో అడుగు మీద పడుతుంది. మాట మార్చనక్కర్లేదు, సాగదీస్తే చాలు. దూరంగా ఉన్న మనిషిని కేకేసేటప్పుడు ఎలాగూ అలాగే సాగదీస్తాం కదా.

నెల్లీ | మర్లా | ఊరే | దాటీ
చంపా | వతిపై | చల్లని | గాలీ
కాలికి | నొప్పీ | మాకే | లేదూ
రామా | తీర్థం | కొండే | దిక్కూ

ప్రతి వరుస తర్వాతా ‘రామయ తండ్రీ’ వస్తుంది. ఈ నాలుగూ చాలు. ఊరు మారినప్పుడు మొదటి వరుసలో పేరు మార్చుకుంటే సరి.

కాగితం మీద కుదిరింది కాలికి కుదిరిందో లేదో వీధిలో చూడండి. తాళం ఎడమకాలికే వేయించి ఆపకుండా నాలుగుసార్లు తిప్పండి. మన వైపు తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. గుండె మీద తప్పెట, కాలి గజ్జె ఒకే దెబ్బకు పలకాలి. వరుస మొదటి మాట కుడికాలి మీదికి వచ్చిందంటే ఎక్కడో ఒక అడుగు తగ్గింది, లేదా పెరిగింది. చాలాసార్లు అది చెప్పేవారు వరుస మధ్య ఊపిరి పీల్చుకోవడం వల్ల వస్తుంది. అలాంటప్పుడు మాట మార్చకండి, చెప్పే మనిషిని మార్చండి.

కొండ ఎక్కేచోట ఈ కొలత పనికిరాదు. జట్టు గొంతులో ‘నామూ’ వినబడకుండా పోతోందంటే ఊపిరి చాలడం లేదని అర్థం. అప్పుడు ‘రామయ తండ్రీ’ నాలుగు అడుగులు అని, నాలుగు అడుగులు మౌనంగా నడవండి. మెట్ల మీద అదీ వద్దు.

ఇంకొకటి, జట్టు పొడవు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళుతుంది. 100 మీటర్ల వెనకున్నవారికి పాట దాదాపు సగం అడుగు ఆలస్యంగా చేరుతుంది. వాళ్లెంత శ్రద్ధగా విన్నా కాలు కలవదు. అందుకని 30, 40 మందికి ఒక గుంపు చేసి, ప్రతి గుంపుకూ ఒక తాళం, ఒక చెప్పేవారు ఉండేలా చూడండి. పక్క గుంపు పాట మీద పడనంత ఎడం వదలండి. చెప్పేవారు ముందు కాకుండా గుంపు మధ్యలో నడిస్తే మాట రెండు వైపులకూ సమానంగా అందుతుంది.