నవలలో "ఏరు" లెక్క తప్పుతోందా? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం వైపు తెలుగు పీజీ చేసేవాళ్లలో నవల మీద సిద్ధాంత వ్యాసం రాసేవాళ్లు మాటల లెక్కలు కూడా జత చేయొచ్చు. పుస్తకాలు ఒక్కొక్కటే చదవడానికి బదులు దూరం నుంచి, లెక్కలతో చూద్దామని ఫ్రాంకో మొరెట్టి 2000లో ప్రతిపాదించిన పద్ధతికి ఇది చిన్న రూపం. వంశధార ఒడ్డు పల్లె మీద ఒక ఊహా నవల తీసుకుందాం. "రెండో సగంలో ఏరే కథను నడిపిస్తుంది" అన్నది మన వాదన అనుకుందాం. కింది అంకెలన్నీ ఆ ఊహా నవలవే.

లక్షణం: మాటల లెక్క పట్టికలో "వచ", "చ", "ద" లాంటి ముక్కలు పైకొచ్చాయి.

కారణం పైథాన్‌లోని `\w`. అది గుణింతపు గుర్తుల్నీ, సున్నానీ, పొల్లునీ అక్షరాలుగా లెక్కపెట్టదు. అందుకే "వచ్చింది" మూడు ముక్కలవుతుంది. తెలుగు అక్షరాల పరిధినే అడగండి:

```
import re
t = open("navala.txt", encoding="utf-8").read()
words = re.findall(r"[\u0C00-\u0C7F\u200c]+", t)
```

లక్షణం: లెక్క మరీ తక్కువ, లేదంటే నమ్మలేనంత ఎక్కువ.

"ఏరు" అని మాత్రమే వెతికితే ఏటికి, ఏట్లో, ఏటిగట్టు, ఏళ్లు ఏవీ దొరకవు. "పెద్దేరు" కూడా దొరకదు, ఎందుకంటే సంధిలో "ఏ" గుణింతంగా మారిపోయింది. పోనీ "ఏట"తో మొదలయ్యేవన్నీ పట్టుకుందామంటే అసలు చిక్కు అక్కడే. "ఏటి" ఏరుకూ వస్తుంది, సంవత్సరమనే ఏడుకూ వస్తుంది. పైగా మన జిల్లా సంభాషణల్లో "ఏటి?" అంటే ఏమిటి అని. "ఏటయినాది?" అని ఒక పాత్ర అడిగిన ప్రతిసారీ మీ లెక్కలో ఒక నది పెరుగుతుంది. "ఏరు"తో మొదలయ్యేవన్నీ పట్టుకుంటే కట్టెలు "ఏరుకున్న" ముసలమ్మ కూడా చేరిపోతుంది. ప్రామాణిక భాషలో రాసిన నవలలకు తయారుచేసిన పద్ధతిని యథాతథంగా ఇక్కడ వాడితే తేడా కొట్టేది ఇందుకే.

పరిష్కారం: అంకె కంటే ముందు వాక్యాలు బయటికి తీయండి.

```
for m in re.finditer("ఏట|ఏరు|ఏళ్|ద్దేరు|ద్దేట", t):
    s = t[max(0, m.start()-40): m.end()+40]
    print(s.replace("\n", " "))
```

వచ్చిన వరుసల్ని షీట్‌లో పెట్టి, ఒక్కొక్కటీ చదివి పక్కన నది, ఏడాది, ఏమిటి, ఏరుకోవడం అని గుర్తు పెట్టండి. 214 వరుసలు వచ్చాయనుకోండి. ఏమిటి 96, ఏడాది 48, ఏరుకోవడం 11. నదికి మిగిలేది 59. ఒక పూట పని, అంతే. ఈ పని మానేసి గీసిన గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా నేను నమ్మను.

లక్షణం: లెక్క మీ వాదనకు అచ్చంగా సరిపోయింది.

నన్ను అడిగితే టెన్షన్ పడాల్సింది ఇప్పుడే. మొదటి సగంలో 17, రెండో సగంలో 42. కానీ మొదటి సగం 30,000 మాటలు, రెండోది 40,000. (నవలను పేజీల ప్రకారం కాక కథ మలుపు దగ్గర విడదీశాం.) పదివేల మాటలకు లెక్కేస్తే 5.7, 10.5. ఇప్పటికీ దాదాపు రెట్టింపే కదా అనిపిస్తుంది.

అధ్యాయాలవారీగా విడగొట్టి చూడండి. ఆ 42లో 27 ఒక్క వరద అధ్యాయంలోనే ఉన్నాయి. 5,000 మాటల ఆ అధ్యాయాన్ని పక్కన పెడితే మిగిలిన 35,000 మాటల్లో వచ్చినవి 15, అంటే పదివేలకు 4.3. మొదటి సగం కన్నా తక్కువే. "రెండో సగమంతా ఏరే" అన్న వాదన నిలవదు. "వరద అధ్యాయంలో ఏరు పేరు గుమిగూడింది, ఆ తర్వాత పలచబడింది" అనేది నిలుస్తుంది. దాన్నే రాయండి.

లక్షణం: లెక్కంతా సరిగ్గానే ఉంది, నవల చదివినవాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు.

వాళ్లకే ఎక్కువ కనిపించి ఉండొచ్చు. వరద తర్వాత పాత్రలు ఏరు పేరెత్తకుండా "గంగమ్మ" అంటారు, "అది" అంటారు, "అదుగో, వచ్చీసినాది" అని కర్తే లేకుండా అరుస్తారు. భయపడ్డవాళ్లు పేరు పలకకపోవడమే కథ అయితే, తగ్గిన అంకె మీ వాదనకు బలమే తప్ప దెబ్బ కాదు. కానీ ఆ మాట అంకె చెప్పదు. అలాంటి అధ్యాయాన్ని చదివి మీరు చెప్పాలి, వాక్యాలు చూపించాలి. గంగమ్మనూ, నీరునూ వెతుకులాటలో చేర్చొచ్చు. "అది" ఎప్పుడు ఏరో తేల్చాలంటే మాత్రం చదవడమే దారి. వెటకారం సంగతీ ఇంతే.

ఇంకొకటి: ఒక్క నవల లెక్కతో "ఉత్తరాంధ్ర నవలల్లో ఏరు" అని శీర్షిక పెట్టకండి. ఇరవై నవలలు కలిపినా, యూనికోడ్‌లో దొరికినవే కలిపారా, ఏరి తెచ్చుకున్నారా అన్నది ముందు చెప్పాలి. గుర్తులు పెట్టిన షీట్‌ను వ్యాసం చివర అనుబంధంగా ఇవ్వండి. అందులో ఓ యాభై వరుసల్ని, మీ గుర్తులు దాచేసి, ఈ యాస తెలిసిన మరొకరి చేత గుర్తు పెట్టించండి. ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో అదీ రాయండి.