చిన్న కొట్టుకు సీసీ కెమెరాలు: వైరువా, వైఫైవా?

కిరాణా కొట్టుకు నాలుగు కెమెరాలు పెట్టాలనుకుంటే వైరువే పెట్టించుకోవాలి. వైఫై కెమెరా బిగించడం పావుగంట పనే అయినా దానికీ కరెంటు వైరు తప్పదు. పైగా రౌటరుకూ కెమెరాకూ మధ్య ఇనుప ర్యాకులు అడ్డు వస్తే బొమ్మ ఆగిపోతూ ఉంటుంది. గోడకు రంధ్రాలు వేయనివ్వని అద్దె కొట్టుకు తప్ప నేను వైఫైకి ఒప్పుకోను.

రికార్డింగు లెక్క కూడా చూడాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే ఒక్కో కెమెరాకు సుమారు 21 జీబీ అవుతుంది. అంటే నాలుగు కెమెరాలకు 1 టీబీ హార్డ్ డిస్క్ పదకొండు రోజులు, 2 టీబీ డిస్క్ ఇరవై రెండు, ఇరవై మూడు రోజులు వస్తుంది. వైఫై కెమెరాలోని 128 జీబీ కార్డు ఆరు రోజులకే నిండి పాతదాన్ని చెరిపేస్తుంది. దొంగ కెమెరాను పీక్కుపోతే ఆ కార్డు కూడా వాడితోనే పోతుంది.

హార్డ్ డిస్క్ ఉండే రికార్డింగు పెట్టె, అంటే డీవీఆర్‌ను గల్లా కింద కాకుండా అటక మీద, గాలి ఆడే తాళం పెట్టెలో ఉంచండి. కెమెరా కేబుల్‌ను కరెంటు వైర్ల పైపులో కలపకుండా వేరే పట్టీలో లాగండి. ఆ కేబుల్ చివర బీఎన్‌సీ పిన్ను బిగించేటప్పుడు పై అల్లికలోని ఒక్క రాగి పోగు కూడా మధ్య తీగకు తగలకూడదు. తగిలితే బొమ్మ రాదు.

అందరూ తప్పు చేసేది కెమెరాకు అందే కరెంటు విషయంలో. ఒక కొట్టులో 40 మీటర్ల దూరాన గోదాము కెమెరా పగలంతా చక్కగా పనిచేసేది. షట్టరు దింపి లైట్లు ఆర్పగానే బొమ్మ పోయేది, కాసేపటికి వచ్చేది, మళ్లీ పోయేది. బిగించినవారు కెమెరాను రెండుసార్లు మార్చినా ఫలితం లేకపోయింది. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయి; తీగ సన్నగా, పొడవుగా ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఆ గోదాములో పగలు 11.3 వోల్టులు ఉన్నది చీకట్లో 9.9కి దిగింది.

అందుకే మల్టీమీటరుతో కెమెరా చివరన కొలవాలి. కెమెరాను ఊడదీసి కొలిస్తే లోడు లేనందున ఎప్పుడూ 12 వోల్టులే చూపిస్తుంది, మోసపోతాము. కెమెరా తగిలించి ఉండగానే, గదిలో లైట్లు ఆర్పి, దాని ముఖాన ఎర్రని చుక్కలు వెలిగాక, కెమెరాకు కరెంటు ఇచ్చే డీసీ పిన్ను స్క్రూల మీద మీటరు ముల్లులు ఆనించి చూడండి. 11 కంటే తక్కువ ఉంటే నేను ఆ పనిని పూర్తయినట్టు లెక్కించను. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే మార్చి, అసలు రాగి తీగ వేయాలి. అదీ చాలకపోతే కెమెరా పక్కనే విడిగా 12 వోల్టుల అడాప్టరు పెట్టాలి. ఆ గోదాముకు చివరకు అదే చేశాము. ఆ అడాప్టరును కూడా డీవీఆర్ ఉన్న ఇన్వర్టరు లైనుకే కలిపాము.