మైక్రోవేవ్‌లో గుడ్డు ఎందుకు పేలింది: నా అనుభవం

ఫ్రిజ్‌లోని ఉడికిన గుడ్డును పెంకు తీసి, మైక్రోవేవ్‌లో ఒక నిమిషం వేడిచేశాను. లోపల ఏమీ కాలేదు. బయటికి తీసి స్పూన్‌తో గుచ్చగానే టప్పున పేలి, మరిగే పచ్చసొన చేతిమీద పడింది. కొరికి ఉంటే నోరు కాలేది.

పెంకు వల్లే పేలుతుందనుకునేదాన్ని. కానీ పచ్చసొనలో నీరు చిన్న చిన్న గూళ్లలా చిక్కుకుని ఉంటుంది. అది 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాకుండా ఆగి, కాస్త కదిలించగానే ఒక్కసారిగా ఆవిరవుతుంది. అందుకే ఇప్పుడు ఉడికిన గుడ్డును వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచుతాను, అంతే.

పొరటులాంటి స్క్రాంబుల్డ్ ఎగ్స్‌కి భయం తక్కువ, సొన గిలక్కొట్టేస్తాం కదా. మా 800 వాట్ల మైక్రోవేవ్‌లో రెండు గుడ్లు, రెండు స్పూన్ల పాలు ఫుల్ పవర్‌లో 45 సెకన్లు. కలిపి, మళ్లీ 15 సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు. ఇంకా కాస్త తడిగా ఉండగానే ఆపేయాలి, మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది.

పోచ్డ్ ఎగ్‌కి మగ్గులో అరకప్పు నీళ్లు పోసి, గుడ్డు మునిగేలా కొట్టి వేస్తాను. పచ్చసొనను టూత్‌పిక్‌తో రెండు మూడు చోట్ల గుచ్చడం మరవకూడదు. పైన ప్లేటు వదులుగా మూసి, 50 శాతం పవర్‌లో ఒక నిమిషం. తెల్లసొన ఇంకా పారదర్శకంగా కనిపిస్తే, అది తెల్లగా గట్టిపడేదాకా మరో పది సెకన్ల చొప్పున. గుచ్చినా పేలే అవకాశం పూర్తిగా పోదు, కాబట్టి ఆగాక ఒక నిమిషం తలుపు తెరవను.