‘అని’ దగ్గర తికమక: ఎవరి ‘నేను’, ఎప్పటి ‘రేపు’, ఎక్కడి ‘ఇక్కడ’?

వార్త రాసేటప్పుడు, అనువాదం చేసేటప్పుడు, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేసేటప్పుడు తెలుగు వాక్యం ఎక్కువగా తప్పేది ‘అని’ దగ్గరే. ఆ చిక్కుల్లో తరచూ ఎదురయ్యేవి ఇక్కడ ఉన్నాయి. వాటిలో ఒకటి అసలు చిక్కే కాదు. దాన్ని సరిచేయబోతేనే వాక్యం చెడుతుంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

సమస్య: “రవి తను గెలిచానని చెప్పాడు” అని రాస్తే తప్పని దిద్దారు

దిద్దినవారి వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. ‘తను’ ప్రథమ పురుష, ‘గెలిచాను’ ఉత్తమ పురుష, రెండూ పొసగవు కాబట్టి ‘తను గెలిచాడని’ ఉండాలంటారు. విడి వాక్యంలో అయితే ఈ వాదన నిలుస్తుంది. ‘తను గెలిచాను’ అని ఎవరూ అనరు.

కారణం: ‘అని’ అంటే మొదట్లో ‘అను’ క్రియకు క్త్వార్థక రూపం, ‘పలికి’ అనే అర్థం. దానికి ముందుండేది రవి నోటి మాట: “నేను గెలిచాను” అని, చెప్పాడు. కాలక్రమేణా ‘అని’ క్రియగా తన బరువు పోగొట్టుకుని రెండు వాక్యాలను కలిపే ముడిగా మిగిలింది. ఆ మార్పులో లోపలి వాక్యం సగమే మారింది. సర్వనామం చేరవేసేవాడి వైపుకు జరిగి ‘నేను’ కాస్తా ‘తను’ అయింది. క్రియ చివరి ‘-ను’ మాత్రం రవి నోట ఎలా వచ్చిందో అలాగే ఉండిపోయింది. బడిలో ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంగా మార్చమంటే “నేను రాను” అన్నది “తాను రానని” అవుతుంది, “తాను రాడని” కాదు. అంటే ఈ పొసగనితనం మన వ్యాకరణం ఒప్పుకున్నదే.

ఏం చేయాలి: ఏమీ చేయొద్దు. ‘తను గెలిచాడని’ కూడా తెలుగే, కానీ అందులో ఒక సందు ఉంది. ఆ ‘తను’ రవి కావచ్చు, అప్పటిదాకా మాటల్లో ఉన్న ఇంకో మనిషీ కావచ్చు. ‘తను గెలిచానని’ అంటే ఆ సందు మూసుకుపోతుంది. గెలిచింది రవే, తనే గెలిచానని చెప్పిందీ రవే.

ఈ వెసులుబాటు ‘తను’, ‘తాను’, ‘తాము’లకే ఉంది. ‘రవి వాడు గెలిచానని చెప్పాడు’ అంటే చెవికే తగులుతుంది. ఇంకో షరతు కూడా ఉంది. ఫలితాల జాబితాలో ఒక నంబరు చూసి, అది తనదేనని గుర్తుపట్టక, “ఈ నంబరువాడు పాసయ్యాడు” అని రవి అన్నాడనుకోండి. నిజానికి అతను మాట్లాడింది తన గురించే. అయినా ‘రవి తను పాసయ్యానని అన్నాడు’ అని మనం చెబితే అది అబద్ధమే. ఆ ‘-ను’ ఉండాలంటే మాట్లాడినవాడు ఆ మాటను తన మాటగా, తన గురించేనని తెలిసి అని ఉండాలి. ఇలాంటి సందర్భంలో దగ్గరదారి లేదు. ‘అది తన నంబరేనని తెలియక, ఆ నంబరువాడు పాసయ్యాడని అన్నాడు’ అని విడమరిచి రాయాల్సిందే.

సమస్య: “రవి నేను గెలుస్తానని చెప్పాడు” చదివి, గెలిచేది ఎవరని పాఠకుడు అడుగుతున్నాడు

రవి కావచ్చు, ఈ వాక్యం రాసినవాడూ కావచ్చు. ‘అని’కి ముందు వచ్చే ‘నేను’కు ఆ రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఇది అన్ని భాషల్లోనూ ఉండే సంగతి కాదు. ఇంగ్లీషులో కొటేషన్ గుర్తులు లేకుండా ‘నేను’ వస్తే అది చేరవేసేవాడే. డేవిడ్ కప్లాన్ అనే తత్వవేత్త 1989లో అచ్చయిన వ్యాసంలో, ‘నేను’ను మాట్లాడేవాడి నుంచి తప్పించి ఇంకొకరికి అంటగట్టే పదం ఇంగ్లీషులో లేదనీ ఉండబోదనీ వాదించి, అలాంటి పదానికి ‘మాన్‌స్టర్’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అమ్హారిక్, జాజాకీ వంటి భాషల్లో సరిగ్గా అలాంటివే బయటపడ్డాయి. మనం రోజూ ఒళ్ళో పెట్టుకు తిరిగే ‘అని’ కూడా ఆ జాతిదే.

పరిష్కారం సులువు. గెలిచేది రవి అయితే ‘తను’ పెట్టండి, లేదా సర్వనామం తీసేయండి. ‘రవి గెలుస్తానని చెప్పాడు’ అంటే ఎవరైనా రవినే అనుకుంటారు. గెలిచేది రాసినవాడైతే, రవి అతనితో అన్న మాటను అలాగే ఉంచడం మేలు: ‘నువ్వు గెలుస్తావని రవి నాతో చెప్పాడు.’ ఇక్కడ ‘నువ్వు’ అంటే నేను! పరభాషవాళ్ళకు వింతగా ఉంటుందేమో కానీ తెలుగులో ఇంతకన్నా సహజమైన వాక్యం లేదు. ‘నాతో’ మాత్రం వదిలేయకండి. అది లేకపోతే ‘నువ్వు’ వెళ్ళి ఎదురుగా ఉన్న శ్రోతకు తగులుకుంటుంది.

సమస్య: చెప్పిన రోజుకు, చెప్పిన చోటుకు మనిషి రాలేదు

ఇది కాస్త నిదానంగా చూడాల్సిన కేసు. సోమవారం రవి ఆఫీసు నుంచి సీతకు ఫోన్ చేసి ఇలా అన్నాడు: “నేను రేపు ఇక్కడే ఉంటాను. సాయంత్రం మీ ఇంటికి వస్తాను.” మంగళవారం పొద్దున సీత లైబ్రరీలో మూర్తికి ఇలా చెప్పింది: “రవి రేపు ఇక్కడే ఉంటానని, సాయంత్రం మా ఇంటికి వస్తానని చెప్పాడు.” మూర్తి బుధవారం లైబ్రరీకి వెళ్ళి రవి కోసం కూర్చున్నాడు.

సీత ఏ పదాన్ని మార్చిందో, దేన్ని వదిలేసిందో ఒక్కొక్కటే చూద్దాం. ‘మీ ఇంటికి’ని ‘మా ఇంటికి’ చేసింది, అంటే దాన్ని తన వైపుకు తిప్పుకుంది. ‘ఉంటాను’, ‘వస్తాను’ రవి నోట ఉన్నట్టే ఉన్నాయి. వాటితో చిక్కు లేదు, మూర్తి కూడా సరిగానే అర్థం చేసుకున్నాడు. తంటా అంతా ‘రేపు’, ‘ఇక్కడ’లతోనే. సీత వాటిని రవి మాటలుగా వదిలేసింది, మూర్తి వాటిని సీత మాటలుగా విన్నాడు. సర్వనామం ఒకవైపు లాగి, క్రియ ఇంకోవైపు నిలబడ్డ వాక్యంలో ఈ రెండు పదాలు ఎటు ఒరుగుతాయో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. ‘మా ఇంటికి’ అన్నది తిరిగి ఉంది కాబట్టి ‘ఇక్కడ’ కూడా తిరిగి ఉంటుందని మూర్తి అనుకోవడం అతని తప్పేమీ కాదు.

‘వస్తాను’ తీరు వేరు. రవి సీత ఇంటివైపు ‘వస్తాను’ అన్నాడు, ఎందుకంటే తెలుగులో ‘వచ్చు’ ఎదుటివాడి చోటికి కూడా చెల్లుతుంది. ఇదే సంగతి తర్వాత మూర్తి ఇంకొకరికి చెబితే ‘సీత ఇంటికి వస్తానన్నాడట’ అనొచ్చు, ‘వెళ్తానన్నాడట’ అనీ అనొచ్చు. మొదటిది రవి చూపు, రెండోది మూర్తి చూపు. చేరే చోటు పేరు పక్కనే ఉంది కాబట్టి ఎలా అన్నా పాఠకుడు దారి తప్పడు.

సరిచేసిన వాక్యం: “రవి మంగళవారం ఆఫీసులోనే ఉంటానని, సాయంత్రం మా ఇంటికి వస్తానని నిన్న ఫోన్లో చెప్పాడు.” ‘రేపు’ను తీసి ‘ఈరోజు’ అని పెట్టినా మాటల్లో సరిపోతుంది, కాగితం మీద చాలదు, ఎందుకంటే ‘ఈరోజు’ కూడా రవి మాటే అనుకునే వీలుంది. వారం పేరో తేదీయో అయితే ఎవరు చూసినా ఒకటే. ఇంకో జాగ్రత్త: ‘నిన్న’ను ‘చెప్పాడు’కు ఆనించి పెట్టాలి. వాక్యం మొదట్లో పెడితే అది ‘ఉంటాను’ దగ్గరికి జారిపోతుంది.

క్రియ కాలాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ‘ఉంటానని చెప్పాడు’లో చెప్పడం గడిచిపోయినా ఉండటం భవిష్యత్తుగానే ఉంటుంది. ఇంగ్లీషు అలవాటుతో దాన్ని భూతకాలంలోకి లాగితే అర్థమే మారిపోతుంది.

సమస్య: ఎవరూ ఏమీ అనలేదు, అయినా ‘అని’ ఉంది

‘వాన పడుతుందని గొడుగు తెచ్చాను.’ ఇక్కడ ఎవరు పలికారు? ఎవరూ పలకలేదు. ముడిగా మారిన ‘అని’ మాట నుంచి తలపుకు, తలపు నుంచి కారణానికి పాకింది. క్రియో ముడో తేల్చుకోవడానికి ‘అనకుండా’ పెట్టి చూడండి. ‘ఆ మాట అని వెళ్ళిపోయాడు’ను ‘ఆ మాట అనకుండా వెళ్ళిపోయాడు’ అని తిప్పొచ్చు, కాబట్టి అది ఇంకా క్రియే. గొడుగు వాక్యాన్ని అలా తిప్పలేం. ‘అని అన్నాడు’ పునరుక్తి కాకపోవడానికి కారణమూ ఇదే. మొదటిది ముడి, రెండోది క్రియ.

ఈ దారిలో నడిచింది ‘అను’ ఒక్కటే కాదు. బెంగాలీ ‘బోలే’, సింహళ ‘కియలా’, దక్కనీ ఉర్దూ ‘బోల్‌కే’ కూడా ‘చెప్పి’ నుంచి వచ్చిన ముడులే. మన వాడుకలో ‘వాన పడుతుందని చెప్పి ఆగిపోయా’ అంటున్నవాళ్ళను వినండి. అరిగిపోయిన ‘అని’కి ఆసరాగా ‘చెప్పి’ని తెచ్చుకుంటున్నారు. అక్కడ కూడా ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

రాసేవాళ్ళను దెబ్బతీసేది ఇంకో చోట ఉంది. ‘డబ్బు కాజేశాడని ఉద్యోగంలోంచి తీసేశారు’, ‘డబ్బు కాజేసినందుకు ఉద్యోగంలోంచి తీసేశారు’ అనే రెండు వాక్యాలూ ఒకటి కావు. ‘అని’కి పాత పలుకు వాసన ఇంకా పోలేదు. మొదటి వాక్యంలో కాజేశాడన్నది తీసేసినవాళ్ళ మాట, రాసినవాడు దానికి పూచీ పడడు. రెండోదాంట్లో ‘-అందుకు’ వచ్చేసరికి కాజేయడం నిజమని రాసినవాడే ఒప్పుకున్నట్టయింది. నేరం రుజువు కాని వార్తలో ‘కాజేసినందుకు’ కనిపిస్తే వెంటనే ‘కాజేశాడని’గా మార్చండి. ఆ తీర్మానం ఎవరిదో కూడా పేరుపెట్టి రాస్తే ఇంకా మంచిది.

చిన్న సమస్య: ‘రా అని చెప్పాడు’ రాస్తే మొరటుగా ఉంది

ఆజ్ఞలకు ‘అని’ వేరే రూపం కోరుతుంది: రమ్మని, పొమ్మని, ఇమ్మని, చదవమని. పాత ‘-ము’ ఆజ్ఞార్థకం ఇక్కడ ‘అని’కి అతుక్కుని బతికిపోయింది. అయితే దీంతో ఒక సమాచారం పోతుంది. రవి ‘రా’ అన్నాడో ‘రండి’ అన్నాడో ‘రమ్మన్నాడు’లో తెలియదు. ఆ మర్యాదో అమర్యాదో కథకు అవసరమైతే కొటేషన్ గుర్తులు పెట్టి అతని మాటే రాయండి. అవసరం లేకపోతే ‘రమ్మన్నాడు’ చాలు.