కొట్టివేతలు, బాణాలు, హంసపాదులు: తెలుగు జవాబు పత్రాన్ని వరుస తప్పకుండా చదవడం

నెల్లూరు జిల్లాలో తిక్కన మీద ప్రశ్న ఇస్తే చిక్కు ఒకటే. పిల్లలకు తెలిసింది ఎక్కువ, అది గుర్తొచ్చేది ఆలస్యంగా. ఆఖరి పది నిమిషాల్లో గుర్తొచ్చిందంతా వరుసల మధ్య ఇరికిస్తారు. అలాంటి ఒక జవాబును నమూనాగా తీసుకుందాం.

మొదటి వరుస: తిక్కన నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి కొలువులో మంత్రి, కవి.
రెండో వరుస: భారతంలో పదహారు పర్వాలు తెనిగించాడు.
మూడో వరుస: భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు.

"పదహారు" మీద గీత ఉంది, దాని పైన సన్నగా "పదిహేను" ఉంది. రెండు, మూడు వరుసల మధ్య "నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి" అని ఉంది. అక్కడ మొదలైన బాణం "తెనిగించాడు" మీదుగా పైకి వెళ్లి, వంపు తిరిగి, ఎడమ మార్జిన్ పక్కన మూడో వరుస మొదట్లో ఆగింది.

సమస్య: వరుసల మధ్య ఉన్నది వత్తా, చేర్చిన అక్షరమా తెలియడం లేదు.

కారణం మన లిపిలోనే ఉంది. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు, తలకట్లు ఆ ఒక్క సందులోనే కలుస్తాయి. నమూనాలో "పదిహేను" వచ్చి పై వరుస "నెల్లూరు"లోని లవత్తుకు తగులుతోంది.

ఇలాంటప్పుడు తలకట్టు ఉందో లేదో చూడండి. వత్తుకు తలకట్టు ఉండదు. గుడి, కొమ్ము, ఏత్వం కూడా దానికి పట్టవు, ఆ గుణింతం పైనున్న అక్షరానికే ఉంటుంది. కాబట్టి సందులోని చిన్న అక్షరానికి సొంత తలకట్టో గుడో కనిపిస్తే అది చేర్చిన మాటే. "ని", "కు" లాంటి ఒంటి అక్షరాలకు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. ఇక అది ఏ వరుసకు చెందుతుందంటే, సాధారణంగా కింది వరుసకు. వదిలేసిన మాటను పైన రాయడమే పిల్లలకు అలవాటు. పేజీ ఆఖరి వరుసలో మాత్రం కింద ఖాళీ ఉంటుంది గనక అక్కడ రాస్తారు. హంసపాదు ఉంటే ఊహతో పనిలేదు. దాన్ని తలకట్టుతో పొరబడకండి: తలకట్టు అక్షరం నెత్తిన ఉంటుంది, హంసపాదు రెండు మాటల మధ్య అడుగున ఉంటుంది.

సమస్య: గీత కొట్టివేతా, అండర్‌లైనా, బాణం తోకా?

గీత అక్షరం నడుమ నుంచి పోతే కొట్టివేత. అక్షరం కింద నుంచి పోతూ వత్తులను మాత్రమే కోస్తే అది అండర్‌లైన్. స్కేలుతో గీసినట్టు తిన్నగా ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. "తెనిగించాడు" మీది గీత ఈ రెండూ కాదు. కొట్టివేత మాట అంచుల దగ్గర ఆగిపోతుంది, ఇది ఆగకుండా ముందుకు సాగింది. పెన్సిల్ మొనను కాగితానికి తగలకుండా పట్టుకుని, తోక నుంచి తల దాకా ఎత్తకుండా నడిపితే తేలిపోతుంది. దీన్ని కొట్టివేత అనుకుంటే రెండో వాక్యానికి క్రియే మిగలదు, అది మరో ఆధారం. పల్చని కాగితంలో వెనక పేజీ సిరా పైకి కనిపించి గీతలా భ్రమ పెట్టడమూ ఉంది. పేజీ తిప్పి చూస్తే సరి.

సమస్య: చేర్చిన మాట ఎక్కడ అతకాలో తెలియడం లేదు.

విభక్తిని పట్టుకోండి. "రామాయణాన్ని", "మనుమసిద్ధికి" అనే రెండు మాటలూ కలిసి ఎవరికో ఏదో ఇచ్చే క్రియను అడుగుతున్నాయి. రెండో వరుసలో పెడితే "పర్వాలు రామాయణాన్ని మనుమసిద్ధికి తెనిగించాడు" అని అతుకు ఊడిపోతుంది. మూడో వరుస మొదట్లో పెడితే, "నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి, భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు" అని ఒకే క్రియ రెండింటికీ సరిపోతుంది. బాణం తల కూడా అక్కడే ఉంది. వ్యాకరణం, బాణం రెండూ ఒకే చోటు చూపిస్తే ఆ పాఠం ఖాయం.

అదే విద్యార్థి విభక్తి లేకుండా "నిర్వచనోత్తర రామాయణం" అని మాత్రమే రాసి ఉంటే? తెనిగించిన వాటి సరసనా పెట్టొచ్చు, అంకితం దగ్గరా పెట్టొచ్చు. అప్పుడు బాణం ఒక్కటే దిక్కు. బాణమూ లేకపోతే దాన్ని విడి మాటగానే లెక్కించాలి. అంకితం సంగతి మీకు తెలుసు కదా అని వాక్యం పూర్తి చేస్తే మార్కు మీ జవాబుకు వేసినట్టు.

ఈ జాగ్రత్త అంకెల దగ్గర ఇంకా ముఖ్యం. తిక్కన రాసినవి విరాట పర్వం నుంచి స్వర్గారోహణ పర్వం దాకా 15. నమూనాలో "పదహారు" కొట్టేసి ఉంది గనక పేచీ లేదు. రెండు అంకెలూ కొట్టివేత లేకుండా ఉంటే, సరైనది ఎంచుకునే పని దిద్దేవారిది కాదు. బడి పరీక్షయితే విద్యార్థిని పిలిచి అడగొచ్చు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఆ వీలుండదు, చీఫ్ ఎగ్జామినర్‌కు చూపించి ఆయన చెప్పినట్టు వేయాలి.

బాణాలు మూడు నాలుగు దాటిన పేజీని కంటితో అతికించుకుంటూ చదివితే ఏదో ఒక వాక్యం జారుతుంది. విడి కాగితం మీద ముక్కలకు 1, 2, 3 అని అంకెలు వేసుకుని, ఒక్కో ముక్క మొదటి మాట రాసుకోండి. చివర్లో పేజీలోని ముక్కలు లెక్కపెట్టండి. ఒకటి మిగిలిందంటే దాని బాణం పేజీ వెనక్కో, మార్జిన్‌లోకో వెళ్లి ఉంటుంది.