జరీ మెరుపు పోకుండా పట్టుచీరకు కొత్త రంగు

అమ్మ గులాబీ పట్టుచీర వెలిసిపోతే మెరూన్ వేశాను. పట్టుకు పట్టే యాసిడ్ డైకి వేడి, వెనిగర్ రెండూ కావాలి. ఆ రెండూ జరీకి పడవు, ముఖ్యంగా రాగి మీద పూత వేసిన జరీకి. అందుకే ముందు జాకెట్ ముక్క అంచు నుంచి వేలెడు జరీ కత్తిరించి, వేడి వెనిగర్ నీళ్లలో అరగంట ఉంచాను. పసుపు మెరుపు తగ్గి ఎర్రబడింది. అంటే అంచు నీళ్లలో మునగకూడదు.

అంచును పొడవునా చుట్టి, పాలిథిన్ కవర్ తొడిగి, దారంతో గట్టిగా బిగించాను. కట్టు వదులైతే రంగు లోపలికి పాకి గీతలా కనిపిస్తుంది, అది ఇక పోదు. అంచులోని పట్టు మాత్రం పాత గులాబీగానే మిగులుతుంది. మెరూన్ పక్కన అది నాకు బాగానే నచ్చింది.

600 గ్రాముల చీరకు 12 గ్రాముల రంగు. నీళ్లు మరగకుండా 80 డిగ్రీల దగ్గర ఉంచి, కట్టిన అంచును పాత్ర బయటికి వేలాడదీసి, బట్టను కదుపుతూనే ఉన్నాను. వెనిగర్ చివర్లో, కొంచెం కొంచెంగా. రంగు బట్టకు పట్టి నీళ్లు దాదాపు తేటపడ్డాక దించి, జాడించి, నీడలో ఆరేశాను.

ముదురు చీరను లేతగా మార్చాలంటే ఈ పద్ధతి పనికిరాదు. రంగు తీసే హైడ్రో పొడి వెండి జరీని నల్లబరుస్తుంది.