రెండు చలరాశుల హద్దులు తెలిసినా రేంజ్ తప్పు వస్తోందా? ఎక్కడ చూడాలో ఇదిగో

మారతహళ్ళిలో తెలుగు పిల్లలకు ఫస్ట్ పీయూసీ లెక్కలు చెబుతుంటాను. అసమానతల పాఠం మొదలైందంటే ఒకే రకం ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది: "సార్, x రెండుకీ ఐదుకీ మధ్య, y ఒకటికీ నాలుగుకీ మధ్య ఉందన్నాడు. నాకు ఒక రేంజ్ వచ్చింది, కీలో ఇంకోటి ఉంది. కీ తప్పా?" కీ తప్పయ్యే రోజులూ ఉంటాయి గానీ తక్కువ. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "నీకొచ్చిన కింది హద్దు ఏ x, ఏ y దగ్గర వస్తుంది? పై హద్దు ఏ జత దగ్గర?" చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. అర నిమిషం కూడా పట్టని పరీక్ష ఇది, అయినా చేయరు. పక్క పేజీలో సూత్రం వెతుకుతారు.

పరీక్షకు రెండు వైపులున్నాయి. హద్దును నిజంగా ఇచ్చే జత దొరక్కపోతే మీ రేంజ్ అవసరానికి మించి వెడల్పయింది. ఇచ్చిన హద్దుల లోపలే ఉన్న ఒక జత మీ రేంజ్ బయట పడితే అది ఇరుకైంది. తప్పు ఏ వైపుదో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

లక్షణం: తీసివేతలో రేంజ్ మరీ ఇరుకు

x − y కోసం 2 − 1 = 1, 5 − 4 = 1 అని వేసి "జవాబు 1" అని రాస్తారు. అదే పని బస్సు మీద చేసి చూడండి. మీ బస్సు 8:05కీ 8:15కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. మీరు 8:00కీ 8:10కీ మధ్య ఎప్పుడైనా స్టాప్‌కు చేరవచ్చు. కింది దాంట్లోంచి కిందిది, పై దాంట్లోంచి పైది తీసేస్తే రోజూ సరిగ్గా ఐదు నిమిషాలే ఎదురుచూడాలన్నమాట. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కోసం ఒక్కసారి నిలబడ్డవాళ్ళెవరూ దీన్ని నమ్మరు. మీరు 8:00కే వచ్చి, బస్సు 8:15కి వస్తే పదిహేను నిమిషాలు. బస్సు 8:05కి వెళ్ళిపోయాక మీరు 8:10కి వస్తే −5, అంటే బస్సు పోయింది.

కారణం: ఒకే వైపు చూసే అసమానతలను కూడవచ్చు గానీ ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయకూడదు. సరిచేయడానికి ముందు y ని −1తో గుణించండి. గుర్తులు తిరగబడి −4 ≤ −y ≤ −1 అవుతుంది. దాన్ని x హద్దులకు కూడితే −2 ≤ x − y ≤ 4. వెడల్పు చూసుకుంటే ఇంకా నమ్మకం: x వెడల్పు 3, y వెడల్పు 3, కాబట్టి x + y వెడల్పూ 6 ఉండాలి, x − y వెడల్పూ 6 ఉండాలి. కూడిక 3 నుంచి 9 దాకా, తీసివేత −2 నుంచి 4 దాకా. సరిపోయింది.

లక్షణం: లబ్ధం రేంజ్‌లో సున్నా మాయమైంది

−2 ≤ x ≤ 3, −5 ≤ y ≤ 4. కింది రెండూ గుణిస్తే 10, పై రెండూ గుణిస్తే 12, కాబట్టి xy పదికీ పన్నెండుకీ మధ్య అంటారు. x = 0 పెట్టండి. లబ్ధం 0. మీ రేంజ్‌లో అది లేదు.

రుణ సంఖ్య తగలగానే చిన్నాపెద్దా తిరగబడతాయి కాబట్టి నాలుగు మూలలూ చూడాల్సిందే: (−2)(−5) = 10, (−2)(4) = −8, (3)(−5) = −15, (3)(4) = 12. వీటిలో చిన్నది −15, పెద్దది 12. అదే రేంజ్. మూలలే ఎందుకు చాలంటే, y ని ఒక విలువ దగ్గర ఆపితే xy అనేది x లో సరళరేఖ. సరళరేఖ చిన్నదీ పెద్దదీ చివర్లలోనే ఉంటాయి. తర్వాత x ని ఆపి y కీ ఇదే మాట చెప్పుకోవచ్చు. హద్దులన్నీ ధనమైతేనే "కింద × కింద, పైన × పైన" చెల్లుతుంది.

లక్షణం: ప్రతి అడుగూ సరిగ్గానే ఉంది, జవాబు మాత్రం కీ కంటే వెడల్పు

ఏడిపించేది ఇదే. పైవాటిలో గుర్తు తప్పో గుణకారం తప్పో వేలు పెట్టి చూపించవచ్చు. ఇక్కడ ఒక్క అడుగూ తప్పు కాదు. తల్లిదండ్రులు నోట్‌బుక్ తెచ్చి "మాస్టారూ, మావాడు అన్నీ కరెక్ట్‌గా చేశాడు కదా, మార్కు ఎందుకు పోయింది?" అని అడిగేదీ దీని గురించే.

మొదటి హద్దులే తీసుకుందాం: 2 ≤ x ≤ 5, 1 ≤ y ≤ 4. ఇప్పుడు xy − y రేంజ్ కావాలి. xy రెండు నుంచి ఇరవై దాకా. y ఒకటి నుంచి నాలుగు దాకా. తీసివేత పద్ధతి ప్రకారం 2 − 4 = −2, 20 − 1 = 19. కాబట్టి −2 నుంచి 19 దాకా. గుర్తులు సరిగ్గా తిప్పారు, మూలలు సరిగ్గా చూశారు. ఏ జత పెట్టి చూసినా విలువ ఈ రేంజ్ లోపలే పడుతుంది. అందుకే పిల్లలకు అనుమానం రాదు.

ఇక్కడ మొదటి వైపు పరీక్ష పెట్టండి. −2 ఏ జత దగ్గర వచ్చింది? xy = 2 కావాలంటే x = 2, y = 1 ఉండాలి. తీసేసే y మాత్రం 4 కావాలి. అంటే ఒకే y ఒకే సమయంలో 1, 4 రెండూ అవ్వాలి. 19 కూడా అంతే: xy = 20 కోసం y = 4, తీసేది 1. రెండు చివరలూ ఎవరికీ అందవు.

కూడిక, తీసివేత, లబ్ధం పద్ధతులన్నీ ఒక షరతు మీద నిలబడ్డాయి: ఇటున్నది తన హద్దుల్లో ఎక్కడున్నా, అటున్నది తన హద్దుల్లో ఎక్కడైనా ఉండగలగాలి. x, y లకు ఆ స్వేచ్ఛ ఉంది. xy కీ y కీ లేదు, ఎందుకంటే రెండింట్లోనూ ఉన్నది ఒకే y. ఆ షరతు ఎవరూ ప్రశ్నలో రాయరు, సూత్రం పక్కనా రాయరు.

సరిచేసే దారి: ప్రతి చలరాశీ ఒక్కసారే కనపడేలా తిరగరాయండి. xy − y = y(x − 1). x − 1 హద్దులు 1 నుంచి 4 దాకా, y హద్దులూ 1 నుంచి 4 దాకా. లబ్ధం 1 నుంచి 16 దాకా. 1 వచ్చేది x = 2, y = 1 దగ్గర, 16 వచ్చేది x = 5, y = 4 దగ్గర. రెండు జతలకూ పేరు చెప్పగలిగాం, పని అయిపోయింది.

కంప్యూటర్ లెక్కల్లో వచ్చే గుండ్రింపు తేడాలను హద్దులతో పట్టుకునే పద్ధతిని 1960లలో రామన్ మూర్ పెంచినప్పటి నుంచీ ఈ చిక్కు తెలిసిందే. అక్కడా చలరాశి ఒకటికి మించి సార్లు కనపడితే జవాబు ఉబ్బే ప్రమాదం ఉంది. ఒక్కోసారే కనపడితే ఉబ్బదు. ఉబ్బిన జవాబు అబద్ధం కాదు, వదులు అంతే. "xy − y ఎప్పుడూ 20 కంటే తక్కువని చూపండి" అన్న ప్రశ్నకైతే ఆ 19 చాలు. "రేంజ్ కనుక్కోండి" అంటే చాలదు. ఆప్షన్లు పెట్టేవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఆ ఉబ్బిన రేంజ్ నాలుగింట్లో ఒకటిగా మీకోసమే కూర్చుని ఉంటుంది.

y రెండుసార్లు కళ్ళెదుట కనపడితే పట్టేస్తారు. కనపడకుండా దాక్కున్న రూపం ఇంకోటుంది. ఒక కోచింగ్ షీట్ కీలోనే ఇది తప్పుగా అచ్చయి, తరగతంతా తప్పు జవాబు నేర్చుకొచ్చింది. దాని తీరు ఇలా ఉంటుంది: 1 ≤ x + y ≤ 5, −1 ≤ x − y ≤ 3. 3x + y రేంజ్ ఎంత?

అందరూ పట్టే దారి x, y లను విడదీయడం. రెండూ కూడితే 0 ≤ 2x ≤ 8, కాబట్టి x సున్నా నుంచి 4 దాకా. తీసివేస్తే −2 ≤ 2y ≤ 6, కాబట్టి y −1 నుంచి 3 దాకా. ఇంతవరకూ నూటికి నూరుపాళ్ళు నిజం. తర్వాత 3x + y కోసం 0 − 1 = −1, 12 + 3 = 15 అని రాసేస్తారు. తప్పు ఇక్కడ జరిగింది.

15 కావాలంటే x = 4, y = 3 కావాలి. అప్పుడు x + y = 7. ఇచ్చింది 5 వరకే. x నాలుగుకు చేరేది x + y = 5, x − y = 3 అయినప్పుడే, అప్పుడు y = 1. y మూడుకు చేరేది x + y = 5, x − y = −1 అయినప్పుడు, అప్పుడు x = 2. ఇద్దరూ తమ చివరలకు వెళ్తారు గానీ కలిసి వెళ్ళరు. గ్రాఫ్ కాగితం మీద గీస్తే అనుమతి ఉన్న చోటు (0, 1), (2, 3), (4, 1), (2, −1) మూలలుగా ఒరిగి నిలబడ్డ చతురస్రం. x, y హద్దులను విడివిడిగా రాసిన క్షణం దాని చుట్టూ ఒక నిలువు పెట్టె గీసి, ఖాళీగా ఉన్న నాలుగు మూలలనూ లెక్కలోకి తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరగగలిగేవి x, y కావు. x + y, x − y. కాబట్టి అడిగినదాన్ని వాటిలోనే రాయాలి. 3x + y = a(x + y) + b(x − y) అనుకుంటే a + b = 3, a − b = 1. a = 2, b = 1. అంటే 3x + y = 2(x + y) + (x − y). హద్దులు 2 − 1 = 1, 10 + 3 = 13. జతలు: 1 వచ్చేది (0, 1) దగ్గర, 13 వచ్చేది (4, 1) దగ్గర. కాబట్టి ప్రశ్న చూడగానే తేల్చుకోవాల్సింది ఏ రెండింటికి హద్దులిచ్చాడన్నది. లెక్క చివరిదాకా ఆ రెండింటినే పట్టుకుని వెళ్ళాలి.

వర్గం వచ్చినా ఇదే జబ్బు. −2 ≤ x ≤ 3 అయితే x² ను x × x గా చూసి నాలుగు మూలల పద్ధతి పెడితే −6 నుంచి 9 వస్తుంది. వర్గం −6 ఎలా అవుతుంది? ఒక x కి −2, ఇంకో x కి 3 ఇచ్చారు కాబట్టి. నిజమైన రేంజ్ 0 నుంచి 9. ఇక్కడ తిరగరాయడానికి ఏమీ లేదు, x² గ్రాఫ్ గుర్తు తెచ్చుకోవాలి. మూలలను మాత్రమే నమ్మినా పడిపోతారు: 0 ≤ x ≤ 1 లో x − x² రెండు చివరలా 0, మధ్యలో x = 1/2 దగ్గర 1/4. వర్గాన్ని పూర్తి చేసి 1/4 − (x − 1/2)² అని రాస్తే x ఒక్కసారే మిగులుతుంది, రేంజ్ 0 నుంచి 1/4 అని కనపడుతుంది.

అరుదైనవి

≤ కీ < కీ తేడాతో మార్కు పోయిందంటే హద్దును ఇచ్చే జత చూడండి. ఆ జతలో ఒక్కటి అందకపోయినా హద్దు అందదు. 2 < x ≤ 5, 1 ≤ y < 4 అయితే −2 < x − y ≤ 4. లబ్ధంలో సున్నా ఒక్కటే మినహాయింపు: x కి 0 అందితే, y చివర తెరిచున్నా లబ్ధానికి 0 అందుతుంది. x, y పూర్ణాంకాలన్నాడా అని కూడా ఓసారి ప్రశ్న చదవండి. అలాగైతే పై xy − y లో హద్దులు మారవు గానీ మధ్యలో కొన్ని విలువలు రావు. 5 వస్తుందా అంటే రాదు: y = 1 పెడితే x = 6 కావాలి, y = 5 అసలు లేదు.